కృత్రిమ చిత్రం ఆనవాళ్లు, డిటెక్టర్ల హద్దులు

కెమెరా తీసిన ఫొటో వెలుగు నుంచి పుడుతుంది. ఎదుట ఉన్న వస్తువును తాకి తిరిగివచ్చిన కాంతి కటకం గుండా సెన్సర్ మీద పడి, అక్కడ విద్యుత్ సంకేతంగా మారి, ఆ సంకేతాలు అంకెలుగా నమోదైతే, ఆ అంకెల పట్టికే తెర మీద బొమ్మగా కనిపిస్తుంది. నాలుగు మాటల వర్ణన అందుకుని కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసే చిత్రం కూడా చివరికి అలాంటి అంకెల పట్టికే అయినా, దాని వెనుక వస్తువూ లేదు, వస్తువును తాకిన వెలుగూ లేదు. పట్టికలోని ఒక్క చుక్కను, అంటే ఒక్క పిక్సెల్‌ను, విడిగా తీసి చూస్తే అది కెమెరా నమోదు చేసినదో ప్రోగ్రాం వేసినదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న సంబంధాల్లో, చిత్రంలోని ఒక భాగానికీ మరో భాగానికీ కుదరవలసిన పొందికలో మాత్రమే పుట్టుక ఆనవాళ్లు మిగులుతాయి. అవి ఎందుకు మిగులుతాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది; వాటిని పట్టి ఇస్తామని చెప్పే డిటెక్టర్ పరికరాలు ఎక్కడ తడబడతాయో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్న చిత్రసృష్టి ప్రోగ్రాముల్లో చాలావరకు డిఫ్యూజన్ అనే పద్ధతి మీద ఆధారపడినవే. శిక్షణ దశలో కోట్లాది ఫొటోలను తీసుకుని, ఒక్కొక్కదానిలో అర్థంలేని చుక్కలను, సాంకేతిక వ్యవహారంలో నాయిస్ అనే దానిని, ఫొటో ఆనవాలు తెలియనంతగా క్రమంగా కలుపుతూ పోయి, ఆ చుక్కలను వెనక్కి తొలగించడం ఎలాగో ప్రోగ్రాముకు నేర్పుతారు. ఆ విద్య పట్టుబడిన తరువాత వట్టి చుక్కల ముద్దను ఇచ్చి, వానలో తడిసిన బస్టాండు కావాలని అడిగితే, అది అంచెలంచెలుగా చుక్కలను తొలగించుకుంటూ తాను చూసిన బస్టాండుల వంటి బొమ్మకు చేరుకుంటుంది. గణనభారం తగ్గించడానికి ఈ పనిని చాలా ప్రోగ్రాములు నేరుగా పిక్సెళ్ల మీద చేయక, చిత్రపు సంక్షిప్త రూపం మీద చేస్తాయి. 2022లో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్‌లో 512 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న చిత్రం కోసం లోపలి పని అంతా 64 వరుసల, 64 నిలువుల పట్టిక మీద జరిగి, ఆఖరి దశలో మాత్రమే ప్రతి దిశలోనూ ఎనిమిది రెట్లు విస్తరించి పూర్తి చిత్రంగా బయటికి వస్తుంది. దీనివల్ల రెండు పర్యవసానాలు ఉన్నాయి. ఏ రూపం పక్కన ఏ రూపం ఉండే అవకాశం ఉందో ప్రోగ్రాం నేర్చుకుంటుంది గాని, వస్తువుల కట్టడం, వాటి కొలతలు, వాటి మీద పడే వెలుగు నియమాలు ఎవరూ దానికి విడిగా నేర్పలేదు. అందువల్ల కంటికి కనిపించే పొరపాట్లు వస్తాయి. విస్తరణ దశ చిత్రమంతటా ఒకే ఎడంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి సన్నని ఆవృత్తిని వదులుతుంది; అది కంటికి కనిపించదు, లెక్కకు మాత్రం దొరుకుతుంది. మనుషులు మొదటిదాన్ని వెతుకుతారు, డిటెక్టర్లు ప్రధానంగా రెండవదాన్ని.

కంటికి దొరికే పొరపాట్లలో ఎక్కువ ప్రచారం పొందినవి చేతివేళ్లు. ఫొటోల్లో చేతులు చిన్నవిగా ఉంటాయి, ముడుచుకునో దేనినో పట్టుకునో ఉంటాయి, కొన్ని వేళ్లు మరుగున పడతాయి. ఇన్ని భంగిమల నుంచి చేతికి ఐదు వేళ్లే అన్న లెక్కను రాబట్టడం తొలితరం ప్రోగ్రాములకు చేతకాక ఆరు వేళ్ల చేతులు, అతుక్కుపోయిన వేళ్లు పుట్టాయి. 2023 మార్చిలో మిడ్‌జర్నీ ఐదవ రూపం వచ్చేసరికి ఈ లోపం గణనీయంగా తగ్గింది, తరువాతి ప్రోగ్రాముల్లో అరుదైపోయింది. అయినా వేళ్లు లెక్కపెట్టమన్న సలహా ఈనాటికీ ప్రచారంలో ఉంది, అందులోనే ప్రమాదం ఉంది. వేళ్లు తప్పుగా ఉంటే చిత్రాన్ని అనుమానించవచ్చు. సరిగా ఉన్నాయి కనుక అది ఫొటోయే అనుకోవడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఏ దృశ్యలోపానికైనా ఈ ఏకపక్ష స్వభావమే ఉంటుంది: దొరికితే సాక్ష్యం, దొరకకపోతే శూన్యం.

దొరికిన సాక్ష్యం ఎలా ఉంటుందో చూడటానికి 2023 మే 22 ఉదయం ట్విటర్‌లో వ్యాపించిన ఒక చిత్రం మంచి ఉదాహరణ. అమెరికా రక్షణశాఖ కేంద్రమైన పెంటగాన్ దగ్గర పేలుడు జరిగిందన్న వార్తతో, తెల్లని పెద్ద భవనం పక్కన నల్లని పొగ లేస్తున్నట్టు చూపే ఆ చిత్రాన్ని, వార్తాసంస్థ పేరును తలపించే ఒక ధ్రువీకృత ఖాతా కూడా పంచడంతో, అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ ఎస్ అండ్ పీ 500 కొద్ది నిమిషాల పాటు సుమారు 0.3 శాతం పడి తేరుకుంది. భారతదేశంలో ఒక టీవీ చానెల్ కూడా దానిని ప్రసారం చేసి, తరువాత వెనక్కి తీసుకుంది. చిత్రాన్ని పెద్దది చేసి చూసిన పరిశీలకులు ఎత్తిచూపిన లోపాలు పొగలో లేవు. పొగకు నిర్దిష్ట రూపం లేదు కనుక దానిని ప్రోగ్రాములు చక్కగా వేస్తాయి. తేడా భవనం ముందున్న కంచెలో ఉంది: ఇనుప ఊచల వరుస కొంతదూరం పోయి, జనాన్ని ఆపే అడ్డుకట్టలతో కలిసి కరిగిపోయింది. కాలిబాట మీద నిలబడిన నల్లని స్తంభం ఒకటి అదే సమయంలో కంచెలో భాగంగానూ ఉంది. గడ్డి ఎక్కడ ముగిసి కాంక్రీటు ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు రెండూ ఒకదానిలోకి మరొకటి జారిపోయాయి. ఇవన్నీ ఒకే జాతి లోపాలు: వస్తువు ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడం. ఊచల పక్కన ఊచలు ఉంటాయని ప్రోగ్రాముకు తెలుసు, కంచె అన్నది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వస్తువుగా నిలబడాలని తెలియదు.

ఆ చిత్రాన్ని అసలు కూల్చిన సాక్ష్యం మాత్రం చిత్రం బయటిది. అందులోని భవనం ముఖభాగం పెంటగాన్‌లో ఏ వైపుతోనూ సరిపోలలేదు. పట్టపగలు, అంత రద్దీ ఉన్న చోట పేలుడు జరిగితే వందల ఫోన్ల నుంచి వేర్వేరు కోణాల్లో ఫొటోలు, వీడియోలు రావలసింది పోయి, ఆ ఒక్క చిత్రం తప్ప మరొకటి రాలేదు. ఆ ప్రాంతపు అగ్నిమాపకశాఖ పేలుడేమీ లేదని ప్రకటించడంతో విషయం తేలిపోయింది. కంచె లోపాన్ని గమనించని మనిషి కూడా ఈ మూడింటిలో ఏ ఒక్కటి అడిగినా సరైన చోటికే చేరేవాడు.

లోపాల్లో తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పనికివచ్చేది ఒకటి ఉంది. చిత్రంలో దుకాణం బోర్డు, బస్సు నుదుటి పలక, గోడ మీది రాత కనిపిస్తే ముందుగా దానిని కూడబలుక్కుని చదవాలి. ఇంగ్లీషు అక్షరాలను కొత్త ప్రోగ్రాములు చాలావరకు తప్పులేకుండా వేస్తున్నా, తెలుగు లిపి వాటిలో చాలావాటికి కష్టంగానే ఉంటూ వచ్చింది, ఎందుకంటే గుణింతపు గుర్తు అక్షరం మీదనో పక్కనో, ఒత్తు అక్షరం కిందనో కుడివైపునో చేరుతూ రూపాన్ని మారుస్తుంటాయి, ఆ కలయికల సంఖ్య పెద్దది, శిక్షణలో చూసిన తెలుగు బోర్డులు తక్కువ. అందువల్ల దూరం నుంచి తెలుగులా కనిపిస్తూ, దగ్గరికి తెస్తే తలకట్టు ఉండి అక్షరం లేనివి, ఏ హల్లుకూ చెందని ఒత్తులు, సగం తెలుగు సగం కన్నడ పోలికలు బయటపడతాయి. ఈ పరీక్షకూ కాలపరిమితి ఉంది, వేళ్ల సంగతి తేలినట్టే దీని సంగతీ తేలుతుంది. పైగా దూరంగా ఉన్న బోర్డును మామూలు ఫోన్ జూమ్ చేసి తీసినా, మసకబారిన అక్షరాలకు ఫోన్ సాఫ్ట్‌వేర్ పదును పెట్టబోయి వాటిని గుర్తుపట్టలేని గీతలుగా మారుస్తుంది కనుక, ముందువరుసలో పెద్దగా, స్పష్టంగా ఉన్న రాతకే ఈ పరీక్షను పరిమితం చేయాలి.

ఇంతకంటే మన్నికైన పరీక్ష జ్యామితి ఇస్తుంది. నేల మీద సమాంతరంగా పోయే రైలు పట్టాలు ఫొటోలో దూరాన ఒకే బిందువు వైపు చేరుతున్నట్టు కనిపిస్తాయి. ఒకే దిశలో సమాంతరంగా ఉన్న గీతలన్నీ, అవి పట్టాలైనా కిటికీల అంచులైనా, పొడిగిస్తే ఆ బిందువులోనే కలవాలి. నీడలకూ ఇలాంటి నియమమే ఉంది. ఒక మనిషి తల నుంచి, నేల మీద ఆ తల నీడ పడిన చోటుకు ఒక గీత గీసి, పక్కనున్న స్తంభపు కొనకూ దాని నీడ కొనకూ, ఇంకో వస్తువుకూ దాని నీడకూ అలాగే గీసి పొడిగిస్తే, వెలుగు సూర్యుడి వంటి ఒక్క మూలం నుంచే వస్తున్నప్పుడు ఆ గీతలన్నీ ఒకే చోట ఖండించుకోవాలి. ఆ చోటు చిత్రం చట్రానికి చాలా దూరంగా ఉండవచ్చు, సూర్యుడు కెమెరా వెనుక ఉంటే గీతలు కిందివైపు కలవవచ్చు, ఎలా ఉన్నా అన్నీ ఒక్క చోటుకే పోవాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన హనీ ఫరీద్ వంటి చిత్రపరీక్ష నిపుణులు డిఫ్యూజన్ కాలానికి ఎంతో ముందునుంచే, అతికించిన ఫొటోలను పట్టుకోవడానికి ఈ పద్ధతిని వాడుతున్నారు. చిత్రంలోని రంగులు, చర్మపు నునుపు వంటివన్నీ పక్కన పెట్టి కేవలం గీతల అమరికను, నీడల అమరికను చూసి కూడా కృత్రిమ చిత్రాలను చాలావరకు వేరుచేయవచ్చునని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన పనిలో చూపారు. కంటికి ఈ తప్పులు తెలియవు, ఎందుకంటే నీడ కొద్దిగా పక్కకు జరిగినా మనిషి చూపు పట్టించుకోదు. స్కేలు పెట్టి గీసినప్పుడే బయటపడతాయి. వాటి బలం అందులోనే ఉంది, పరిమితి కూడా అందులోనే ఉంది: స్పష్టమైన అంచులు, కనీసం మూడు నీడలు దొరకని చిత్రానికి, ఉదాహరణకు ఒక్క ముఖం మాత్రమే ఉన్న చిత్రానికి, ఈ పరీక్ష పెట్టడమే కుదరదు.

ఒక్క ముఖం దగ్గర మనిషి చూపు ఎంత నిస్సహాయమో సోఫీ నైటింగేల్, హనీ ఫరీద్ కలిసి 2022లో ప్రచురించిన ప్రయోగం తేల్చింది. స్టైల్‌గాన్2 అనే పాతతరం ప్రోగ్రాం పుట్టించిన ముఖాలనూ నిజమైన ముఖాలనూ కలిపి 315 మందికి చూపితే వారి జవాబుల్లో సరైనవి 48.2 శాతమే, అంటే నాణెం ఎగరేసి చెప్పినదానితో సమానం. మరో బృందానికి లోపాలు ఎలా ఉంటాయో నేర్పి, ప్రతి జవాబు తరువాత తప్పొప్పులు చెబుతూ పోయినా అది 59 శాతం దాటలేదు. ఇప్పటి ప్రోగ్రాములు అంతకన్నా ఎంతో ముందుకు పోయాయి.

ఈ స్థితిలో పని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. డిటెక్టర్ అంటే, లక్షల నిజమైన ఫొటోలనూ లక్షల కృత్రిమ చిత్రాలనూ చూపి, ఏవి ఏవో ముందే చెప్పి, రెండింటి మధ్య తేడాను తానే కనుక్కునేలా శిక్షణ ఇచ్చిన మరో ప్రోగ్రాం. అది ఏ తేడాను పట్టుకుందో తయారుచేసినవారికి కూడా పూర్తిగా తెలియదు. పైన చెప్పిన విస్తరణ దశ ఆవృత్తి, సెన్సర్ నాయిస్ లేకపోవడం వంటి సన్నని గణాంక లక్షణాలు అందులో ముఖ్యమైనవని మాత్రం తెలుసు. 2020లో బర్క్‌లీ, అడోబ్ పరిశోధకులు ఒకే ఒక్క ప్రోగ్రాం చిత్రాలతో శిక్షణ ఇచ్చిన డిటెక్టర్ అది ఎన్నడూ చూడని మరికొన్ని ప్రోగ్రాముల చిత్రాలను కూడా గుర్తుపట్టిందని చూపినప్పుడు ఈ రంగంలో ఆశ కలిగింది. అయితే తమ వ్యాసం పేరులోనే, ఇది ప్రస్తుతానికి మాత్రమేనన్న హెచ్చరికను వారు జాగ్రత్తగా చేర్చారు. ఆ ప్రోగ్రాములన్నీ ప్రధానంగా గాన్ అనే పాత పద్ధతి చుట్టూ తిరిగేవి. డిఫ్యూజన్ చిత్రాలు వచ్చాక అలాంటి డిటెక్టర్లు ఘోరంగా విఫలమయ్యాయి, 2023లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానికి కారణం చెప్పారు: డిటెక్టర్ నేర్చుకున్నది గాన్ ఆనవాలును మాత్రమే, ఆ ఆనవాలు లేని ప్రతిదాన్నీ అది నిజమైన ఫొటో గంపలో వేస్తోంది. మరోలా చెప్పాలంటే, ఫొటో ఎలా ఉంటుందో దానికి ఎన్నడూ తెలియదు. కొత్త ప్రోగ్రాం వచ్చిన ప్రతిసారీ డిటెక్టర్ మళ్లీ బడికి పోవలసిందే, ఆ మధ్యకాలంలో దాని మాట తప్పుడు భరోసా ఇస్తుంది.

రెండవ దెబ్బ చిత్రం ప్రయాణంలో తగులుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రం కొలతలు కుదించుకుపోతాయి, ఆపైన జేపెగ్ పద్ధతిలో దాని బరువు మరింత తగ్గుతుంది. జేపెగ్ చిత్రాన్ని ఎనిమిది పిక్సెళ్ల భుజం ఉన్న చదరాలుగా కోసి, ఒక్కొక్క చదరంలో కంటికి అంతగా ఆనని సన్నని మార్పులను పారేస్తుంది. డిటెక్టర్‌కు కావలసినవి సరిగ్గా ఆ సన్నని మార్పులే. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, అంచులు కత్తిరించి, మరో గుంపులో పెట్టి, అక్కడి నుంచి ఫేస్‌బుక్‌కు ఎక్కించేసరికి పాత ఆవృత్తి చాలావరకు చెదిరిపోయి, దాని స్థానంలో కుదింపు తన సొంత గళ్ల ఆవృత్తిని ముద్రిస్తుంది. పరిశోధనశాలలో నేరుగా ప్రోగ్రాం నుంచి తీసిన శుభ్రమైన ఫైలు మీద తొంభైల్లో ఉన్న కచ్చితత్వం ఈ స్థితిలో ఉండదు. ఇందులో ఇంకో లోతైన చిక్కు కూడా బయటపడింది. శిక్షణకు వాడిన ప్రసిద్ధ చిత్రసంపుటాల్లో నిజమైన ఫొటోలు జేపెగ్ రూపంలోనూ, కృత్రిమ చిత్రాలు వివరాలు పోగొట్టని పీఎన్‌జీ రూపంలోనూ ఉండటంతో, కొన్ని డిటెక్టర్లు కృత్రిమత్వాన్ని కాక జేపెగ్ గుర్తులను పట్టుకోవడం నేర్చుకున్నాయని 2024లో పరిశోధకులు గమనించారు. అలాంటి డిటెక్టర్ ముందు ఏ కృత్రిమ చిత్రాన్నయినా జేపెగ్‌గా మార్చి పెడితే అది నిజమైన ఫొటోగా తేలే అవకాశం పెరుగుతుంది. మోసగాడు ప్రత్యేకంగా ఏ ఉపాయమూ పన్ననక్కరలేదు, మామూలుగా ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది.

డిటెక్టర్ చూపే శాతాన్ని చదవడంలోనే మూడవ పొరపాటు జరుగుతుంది, నష్టం ఎక్కువ చేసేది ఇదే. తెరమీద 95 శాతం ఏఐ అని కనిపిస్తే, ఆ చిత్రం కృత్రిమమయ్యే అవకాశం నూటికి తొంభై ఐదు అని చూసినవారు అనుకుంటారు. నిజానికి అది, తాను చూసిన శిక్షణ చిత్రాల లోకంలో ఈ చిత్రం ఏ గుంపుకు ఎంత దగ్గరగా ఉందో తెలిపే అంకె. పరికరం నిజంగానే మంచిదనుకున్నా లెక్క తారుమారవుతుంది. ఒక డిటెక్టర్ నూరు కృత్రిమ చిత్రాల్లో 95 పట్టుకుంటుందనీ, నూరు నిజమైన ఫొటోల్లో ఐదింటిని మాత్రమే పొరపాటున కృత్రిమమంటుందనీ అనుకుందాం. ఒక పత్రికా కార్యాలయానికి వచ్చిన 1,000 చిత్రాల్లో 20 మాత్రమే కృత్రిమమైనవైతే, వాటిలో 19 పట్టుబడతాయి. మిగిలిన 980 నిజమైన ఫొటోల్లో ఐదు శాతం, అంటే 49, కూడా కృత్రిమమన్న ముద్ర వేయించుకుంటాయి. మొత్తం ముద్రపడిన 68 చిత్రాల్లో నిజంగా కృత్రిమమైనవి 19, అంటే 28 శాతమే. పరికరం వేలెత్తి చూపిన ప్రతి నాలుగింటిలో సుమారు మూడు నిజమైన ఫొటోలే అవుతాయి. పెంటగాన్ చిత్రంలాగా ముందే బలమైన అనుమానం ఉన్న ఒక్క చిత్రాన్ని పరీక్షించడం వేరు, వచ్చిన ప్రతిదాన్నీ పరికరంలో వేసి వడపోయడం వేరు అని ఈ లెక్క చెబుతుంది.

నిజమైన ఫొటోకు పడే ఈ తప్పుడు ముద్ర కల్పితమైన భయం కాదు. ఇప్పటి ఫోన్ కెమెరాలు ఒక్క క్షణంలో అనేక ఫ్రేములు తీసి కలిపి, నాయిస్ తుడిచి, పదును పెట్టి, వివరాలను ఊహించి నింపుతాయి. 2023 మార్చిలో ఒక ఫోన్ వినియోగదారు చంద్రుడి చిత్రాన్ని కావాలనే మసకబరిచి, కంప్యూటర్ తెరమీద పెట్టి దూరం నుంచి ఫొటో తీస్తే, ఫోన్ అందులో లేని గుంటల వివరాలను చేర్చి ఇచ్చింది. అలాంటి ఫొటోలో సెన్సర్ సహజ నాయిస్ చాలావరకు పోయి, నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ గీసిన వివరాలు చేరతాయి కనుక, అది డిటెక్టర్ కంటికి కృత్రిమంగా తోస్తే తప్పు పట్టలేము. కృత్రిమానికీ నిజానికీ మధ్య గీత డిటెక్టర్లు అనుకునేంత పదునుగా లేదు. మనుషుల చూపు కూడా ఈ వైపు తప్పుతుంది: 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ తల కనిపించకుండా ముడుచుకుని నిలబడిన ఫ్లెమింగో నిజమైన ఫొటోను ఒక పోటీలోని ఏఐ విభాగానికి పంపితే, అది ఫొటో అని న్యాయనిర్ణేతలు గుర్తించక బహుమతి ఇచ్చారు, ఆయన విషయం వెల్లడించాక పోటీ నుంచి తొలగించారు. జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా ఎవరో ప్రాణాలకు తెగించి తీసిన ఫొటోను, పరికరం ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో కల్పితమని కొట్టిపారేస్తే, ఆ నష్టం ఒక నకిలీ చిత్రం వ్యాపించినదానికంటే తక్కువేమీ కాదు.

ఫొటోలో కొంత భాగాన్ని మాత్రమే ఏఐతో మార్చినప్పుడు డిటెక్టర్ పరిస్థితి ఇంకా క్లిష్టమవుతుంది. 2023 మే 28న ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం వైపు బయలుదేరిన రెజ్లర్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నప్పుడు, వినేశ్ ఫోగాట్, సంగీతా ఫోగాట్ పోలీసు వాహనంలో నవ్వుతూ కూర్చున్న సెల్ఫీ ఒకటి వ్యాపించింది. అదే ఫొటో నవ్వు లేని రూపంలో కూడా ఉందని, ముఖకవళికలను మార్చే ఫేస్‌యాప్‌లో ఆ రూపాన్ని పెడితే సరిగ్గా అలాంటి నవ్వే వస్తోందని, నిజజీవితంలో వారికి లేని బుగ్గ సొట్టలు కూడా ఏర్పడుతున్నాయని నిజనిర్ధారకులు చూపారు. ఆ చిత్రంలో వాహనం నిజం, మనుషులు నిజం, వెలుగు నీడలు నిజం. కృత్రిమమైనవి ముఖాల్లోని కొద్ది పిక్సెళ్లు మాత్రమే. చిత్రమంతటికీ కలిపి ఒక్క అంకె ఇచ్చే డిటెక్టర్ దీనిని నిజమైన ఫొటో అనే చెప్పవచ్చు, అబద్ధం మాత్రం ఆ కొద్ది పిక్సెళ్లలోనే ఉంది. ఇక్కడ విషయాన్ని తేల్చినది డిటెక్టర్ కాదు, అసలు రూపం దొరకడం.

పుట్టుకను వెనక్కి ఊహించే బదులు, పుట్టినప్పుడే నమోదు చేయాలన్న మార్గం కూడా ఒకటి నడుస్తోంది. సీ2పీఏ అనే ప్రమాణం ప్రకారం కెమెరా లేదా సాఫ్ట్‌వేర్ తాను చేసినదాన్ని ఫైలుతో పాటు సంతకం చేసి జతపరుస్తుంది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ కెమెరాలో ఈ సౌకర్యం ఉంది. గూగుల్ 2023లో ప్రకటించిన సింథ్‌ఐడీ, తన ప్రోగ్రాములు పుట్టించే చిత్రాల పిక్సెళ్లలోనే కనిపించని ముద్రను కలుపుతుంది. మొదటిది స్క్రీన్‌షాట్‌తో ఊడిపోతుంది, రెండవది కుదింపును చాలావరకు తట్టుకున్నా ఆ ముద్ర వేసే ప్రోగ్రాముల చిత్రాల గురించి మాత్రమే సాక్ష్యం చెప్పగలదు. ముద్ర దొరికితే అది గట్టి సాక్ష్యం. దొరకకపోతే ఏమీ తెలిసినట్టు కాదు, ఎందుకంటే ఎవరైనా సొంత కంప్యూటర్‌లో నడుపుకోగల ప్రోగ్రాముల్లో ముద్ర వేసే భాగాన్ని తీసేయడం కష్టం కాదు.

చిత్రం కృత్రిమమని తేలినంతలోనే ప్రశ్న ముగియదని హైదరాబాద్‌లోనే రుజువైంది. 2025 మార్చి చివరలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల స్థలంలో బుల్డోజర్లు చెట్లు తొలగిస్తున్నప్పుడు, యంత్రాల ముందు నుంచి జింకలు, నెమళ్లు పారిపోతున్నట్టు చూపే ఏఐ చిత్రాలు విస్తృతంగా వ్యాపించాయి, అవి కల్పితమని రాష్ట్ర ప్రభుత్వం ఎత్తిచూపింది. ఆ చిత్రాలు కల్పితమే. చెట్ల తొలగింపు మాత్రం జరిగింది, సుమారు 100 ఎకరాల మేర అది జరిగిందని సుప్రీంకోర్టుకు నివేదిక అందడంతో ఏప్రిల్ 3న న్యాయస్థానం పనులను ఆపించింది. కోర్టు ఆధారపడినది వ్యాపించిన ఆ ఏఐ చిత్రాల మీద కాదు, స్థలానికి వెళ్లి చూసి వచ్చిన అధికారి నివేదిక మీద. ఇది ఏ విధంగా పుట్టిన చిత్రం అన్నది ఒక ప్రశ్న, ఇది చెబుతున్న సంఘటన జరిగిందా అన్నది వేరే ప్రశ్న. డిటెక్టర్ మొదటిదానికి మాత్రమే, అదీ అరకొరగా, జవాబు చెబుతుంది.

అందువల్ల అనుమానం కలిగిన చిత్రం దొరికినవారు మొదట గూగుల్ లెన్స్ వంటి చిత్ర శోధనలో దానిని వెతికి, ముందు ఎక్కడ కనిపించిందో, వేరే రూపం ఏదైనా ఉందో చూడాలి, అదే సంఘటనను ఇంకో కోణం నుంచి చూపే ఫొటో ఉందేమో వెతకాలి, ఆ తరువాతే అంచులు, రాతలు, నీడలు పరిశీలించాలి. డిటెక్టర్ వాడితే ఒకటికి రెండు వాడి, అవి పరస్పరం విభేదిస్తే ఆ విభేదాన్నే ఫలితంగా స్వీకరించాలి. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి నిజనిర్ధారణ సంస్థలకు గాని, పత్రికలకు గాని చిత్రాన్ని పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ తీయకుండా, అందిన ఫైలునే వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి, ఎవరి నుంచి ఎప్పుడు అందిందో రాయాలి. డాక్యుమెంట్‌గా పంపిన ఫైలును వాట్సాప్ కుదించదు కనుక, దానిలో మిగిలి ఉన్న ఆనవాళ్లు పరీక్షించేవారికి చెక్కుచెదరకుండా చేరతాయి.